గంటల బిల్లు నుంచి ప్రాజెక్టు ధరకు: హన్మకొండ వెబ్ డెవలపర్ లెక్కలతో ఒక మార్గదర్శి

వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో ఇంటి నుంచే వెబ్‌సైట్లు చేసే ఫ్రీలాన్సర్లు చాలామంది గంటకింత అని బిల్లు వేస్తారు. పని నేర్చుకునే రోజుల్లో ఈ పద్ధతి బాగానే ఉంటుంది. మూడు నాలుగేళ్లు గడిచాక ఇదే అడ్డం పడుతుంది. మొదట్లో 60 గంటలు పట్టిన వెబ్‌సైట్ చేయి తిరిగాక 40 గంటల్లో అయిపోతుంది. గంటకు 500 రూపాయల చొప్పున 30,000 రావాల్సిన బిల్లు 20,000కు దిగుతుంది. క్లయింట్‌కు అందిన సైట్ మాత్రం అదే, ఇంకా మెరుగైనదే కూడా. పని బాగా వచ్చేకొద్దీ ఆదాయం తగ్గే పద్ధతి ఇది.

మన దగ్గర నాట్లు గుత్తకు పట్టే ముఠాలకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. ఎకరానికి ఇంత అని మాట్లాడుకుంటే, చేయి వేగం ఉన్నవాళ్లు పొద్దుగూకకముందే ముగించుకుని పోతారు. కానీ రేటు చెప్పేముందు వాళ్లు మడి చూస్తారు. దమ్ము సరిగా అయిందా, నీళ్లు ఎంత ఉన్నాయి, నారుమడి ఎంత దూరం అని అడుగుతారు. అలాగే మొత్తం పనికి ఇంత అని ప్రాజెక్టు ధర చెప్పి నష్టపోయే ఫ్రీలాన్సర్లు ఎక్కువగా ఆ మడి చూడకుండా రేటు చెప్పినవాళ్లే. అందుకే ఈ మార్గదర్శిలో ధర ఎంత చెప్పాలన్నదానికన్నా, పనికి గట్లు ఎలా వేయాలన్నదానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

లెక్క అర్థం కావడానికి ఒకే ఉదాహరణను చివరిదాకా తీసుకెళ్దాం. హన్మకొండలో ఉండే ఒక వెబ్ డెవలపర్ గంటకు 500 తీసుకుంటున్నాడనుకోండి. కొత్తవాడలో దరీలు నేయించి టోకుగా అమ్మే ఒక వ్యాపారి అతన్ని పిలిచి, మా డిజైన్లన్నీ కనిపించేలా ఒక సైట్ కావాలన్నాడు. మనుషులు ఊహించినవాళ్లు, అంకెలు లెక్క చూపడానికి వేసుకున్నవి. మీ అంకెలు వేరుగా ఉంటాయి, లెక్కించే దారి మాత్రం ఇదే.

మొదటి అడుగు: పాత పనుల్లో అసలు గంటకు ఎంత మిగిలింది

ధర మార్చేముందు మీ ఇప్పటి నిజమైన రేటు తెలియాలి. గడిచిన ఏడాదిలో పూర్తయిన ఆరు నుంచి ఎనిమిది పనులు తీసుకుని ఒక షీట్‌లో రాయండి. A కాలమ్‌లో పని పేరు, B లో బిల్లు వేసిన గంటలు, C లో నిజంగా పోయిన గంటలు, D లో చేతికి వచ్చిన డబ్బు. నిజంగా పోయిన గంటలంటే ఫోన్ కాల్స్, దుకాణానికి వెళ్లి రావడం, ఫొటోల కోసం పదిసార్లు గుర్తుచేయడం, డబ్బుల కోసం అడగడం, అన్నీ కలిపి. లాగ్ లేకపోతే వాట్సాప్ చాట్, కాల్ హిస్టరీ, ఫైళ్లు సేవ్ అయిన తేదీలు చూసి ఒక అంచనాకు రావచ్చు. ఎనిమిది పనులు ఉంటే E కాలమ్‌లో ఈ సూత్రం పెట్టి కిందికి లాగండి. ఆ తర్వాత ఖాళీ గడిలో రెండోది వేయండి.

```
=D2/C2
=MEDIAN(E2:E9)
```

సగటు బదులు మీడియన్, అంటే అంకెలను వరసగా పేరిస్తే మధ్యలో వచ్చేది, చూడమనడానికి కారణం ఉంది. ఒక్క పని మరీ బాగా పోయినా, మరీ చెడినా సగటు తప్పుదారి పట్టిస్తుంది.

మన డెవలపర్ షీట్‌లో ఒక పాత పని ఇలా ఉందనుకుందాం. బిల్లు వేసింది 50 గంటలకు, వచ్చింది 25,000. నిజంగా పోయింది 68 గంటలు. అంటే గంటకు 500 అనుకుంటున్న మనిషికి దక్కింది 368 రూపాయలు. ఆ తేడా 18 గంటలు దేనికి పోయాయో పక్కన ఒక మాటలో రాయాలి. కంటెంట్ ఆలస్యమా, ఇద్దరు భాగస్వాములు రెండు రకాలుగా చెప్పడమా, చివర్లో అడిగిన కొత్త పేజీయా అని. ఆ చిన్న మాటలే రేపు మీరు రాయబోయే ఒప్పందంలో నిబంధనలు అవుతాయి. అందుకే ఆ కాలమ్‌ను బద్ధకించి వదిలేయొద్దు.

ఇదే షీట్ ఇంకో విషయం కూడా చెబుతుంది. ఒకే రకం పని మూడుసార్లయినా చేసి ఉంటే, దాన్ని ప్రాజెక్టు ధరకు మార్చవచ్చు. వేరేవాళ్లు రాసిన పాత కోడ్‌లో తప్పు వెతకడం, ఏం కావాలో క్లయింట్‌కే తెలియని పని, ఇలాంటివాటికి ఒకే ధర చెప్పొద్దు. వాటికి ముందు పరిశీలన కోసం ఒక చిన్న ఫీజు తీసుకుని, లోపల ఏముందో చూసి, తర్వాత ధర చెప్పాలి. లేదా గంటల బిల్లే కొనసాగించాలి. అన్నింటినీ మార్చేయాలన్న నియమం ఏమీ లేదు.

రెండో అడుగు: ఇంతకన్నా కిందికి దిగను అనే ధర

ముందు ఏడాది ఖర్చు వేసుకోండి. మన డెవలపర్‌కు ఇంటికి, పొదుపుకు ఏడాదికి 6,00,000 కావాలి. ల్యాప్‌టాప్, ఇంటర్నెట్, సాఫ్ట్‌వేర్, ఆరోగ్య బీమా, అకౌంటెంట్ ఫీజు కలిపి 1,20,000. మొత్తం 7,20,000. వారానికి 40 గంటలు కూర్చున్నా, కొత్త పనులు వెతకడం, కొటేషన్లు రాయడం, నేర్చుకోవడం పోను క్లయింట్ పనికి నికరంగా 20 గంటలే మిగులుతాయి. పండగలు, జ్వరాలు, పెళ్లిళ్లు తీసేసి 48 వారాలు. అంటే 960 గంటలు. 7,20,000ను 960తో భాగిస్తే 750. ఇది అతని కనీస గంట రేటు. దీన్ని క్లయింట్‌కు ఎప్పుడూ చెప్పడు, తన లెక్క కోసం మాత్రమే.

ఇప్పుడు ఈ పనికి ఎన్ని గంటలు పడతాయో అంచనా వేయాలి. ప్రతి భాగానికి మూడు అంకెలు రాసుకోవడం మంచి పద్ధతి: అంతా సవ్యంగా జరిగితే, మామూలుగా, అన్నీ అడ్డం తిరిగితే. మామూలు అంకెను 4తో గుణించి, మిగతా రెండూ కలిపి, 6తో భాగించాలి. దరీల సైట్‌లో మాటామంతీ, వివరాలు సేకరించడం 6, 10, 20 గంటలు. లెక్క వేస్తే 11. డిజైన్ 10, 14, 24, అంటే 15. సైట్ కట్టడం 16, 20, 30, అంటే 21. అరవై దరీల ఫొటోలు, కొలతలు ఎక్కించడం 5, 8, 17, అంటే 9. పరీక్షించి, వ్యాపారికి నేర్పించడం 4, 6, 14, అంటే 7. మొత్తం 63 గంటలు. దీనికి 15 శాతం కలిపితే దాదాపు 72. గంటకు 750 చొప్పున 54,000.

చూడండి, మొదటి వరుసలో మామూలుగా 10 గంటలు, అడ్డం తిరిగితే 20. అంటే రెట్టింపు. సైట్ కట్టడంలో అది ఒకటిన్నర రెట్లే. అనుభవం ఉన్నవాళ్లు కోడ్ గంటలను బాగానే అంచనా వేస్తారు, మనుషులతో పోయే గంటలనే తక్కువ వేస్తారు.

పాత పద్ధతిలో ఇదే పనికి 63 గంటలూ బిల్లు వేసినా 31,500 వచ్చేది. కాల్స్‌కు మొహమాటపడి వదిలేస్తే ఇంకా తక్కువ. కాబట్టి 54,000 అనేది ఆశపడి పెంచిన అంకె కాదు. ఇప్పటిదాకా దాచిపెట్టుకున్న గంటలు, ఖర్చులు బయటికి వచ్చాక తేలిన అంకె.

మూడో అడుగు: క్లయింట్‌కు ఇది ఎంత విలువ

కనీస ధర మీ వైపు లెక్క. అవతలి వైపు లెక్క వ్యాపారిని అడిగితేనే తెలుస్తుంది. మొదటి కలయికలో పేజీలు, రంగుల సంగతి పక్కన పెట్టి డబ్బు సంగతి అడగండి. ఇలా సాగవచ్చు.

"అన్నా, బయటి ఊర్ల నుంచి టోకు ఆర్డర్లు ఇప్పుడు ఎట్ల వస్తున్నయి?"

"ఫోన్ల మీదనే తమ్మీ. హోటళ్లోళ్లు, ఫంక్షన్ హాళ్లోళ్లు ఫొటోలు పంపుమంటరు. ఎతికి పంపేసరికి రెండు రోజులైతది. కొందరు గప్పటికే వేరే కాడ తీసుకుంటరు."

"నెలకు అట్ల ఎన్ని పోతుండొచ్చు?"

"రెండన్న పోతయి."

"ఒక ఆర్డర్ ఎంతది ఉంటది? నూలు, నేతకూలి, బండి కిరాయి అన్నీ పోంగ మీకేం మిగులుతది?"

"నలభై వేల దాక ఉంటది. పది వేలు మిగిలితె మిగులుతయి."

ఇంత చాలు. అతను చెప్పిన రెండింటిలో ఒక్క ఆర్డరే తిరిగొస్తుందనుకుందాం. నెలకు 10,000, ఏడాదికి 1,20,000. క్లయింట్ చెప్పిన అంకెను ఎప్పుడూ సగం చేసి లెక్కించండి. రేపు ఆ మాట మీద నిలబడాల్సింది మీరు. ఇక్కడి చిన్న వ్యాపారులతో నేను పాటించే కొలత ఒకటే: సైట్‌కు పెట్టిన డబ్బు ఆరు నుంచి ఎనిమిది నెలల్లో తిరిగి రావాలి. అంటే ఈ పనికి 60,000 నుంచి 80,000 దాకా చెప్పవచ్చు. కనీస ధర 54,000 దీనికి లోపలే ఉంది కాబట్టి ఈ పని ఒప్పుకోదగ్గది.

ఈ లెక్క వేస్తే కొన్నిసార్లు పని వదులుకోవాల్సి వస్తుంది, అది కూడా మంచిదే. కాలనీ చుట్టుపక్కలవాళ్లే కొనే కిరాణా దుకాణానికి ఏడాదికి అదనంగా 10,000 కూడా రాకపోతే, 54,000 పెట్టి సైట్ చేయించుకోమనడం న్యాయం కాదు. గూగుల్ మ్యాప్స్‌లో దుకాణం వివరాలు సరిగ్గా పెట్టించుకోమని చెప్పి, ఆ చిన్న పనికి చిన్న ఫీజు తీసుకోండి. అలా నిజం చెప్పినవాళ్లను మన ఊళ్లలో జనం గుర్తుపెట్టుకుని, పెద్ద పని ఉన్న బంధువులను పంపుతారు.

నాలుగో అడుగు: మూడు ధరలు, ఒకే పేజీ

ఒకే అంకె చెబితే జవాబు అవును, కాదు అన్న రెండింటికే కుదురుకుంటుంది. మూడు చెబితే ఏది తీసుకోవాలన్న దగ్గర మాట మొదలవుతుంది. ఈ సైట్‌కు ఇలా రాయవచ్చు.

మొదటిది 42,000. 25 డిజైన్లు, ఫోన్ నంబరు, చిరునామా, కొత్తవాడ నేత గురించి ఒక పేజీ. దీనికి పట్టేది 48 గంటలు అనుకుంటే కనీస ధర 36,000, కాబట్టి నష్టం లేదు.

రెండోది 68,000. 60 డిజైన్లు, కొలత, రంగు బట్టి వెతుక్కునే వీలు, ప్రతి డిజైన్ కింద నొక్కితే ఆ డిజైన్ నంబరుతో సహా వ్యాపారి వాట్సాప్‌కు మెసేజ్ వెళ్లడం. వరంగల్ దరీలకు 2018లో వచ్చిన జీఐ అనే భౌగోళిక గుర్తింపు గురించిన పేజీ కూడా ఇందులో ఉంటుంది. బయటి రాష్ట్రాల కొనుగోలుదారులు దాన్ని చూస్తారు.

మూడోది 1,05,000. రెండోదానిలో ఉన్నవన్నీ, గోదాములో ఒకరోజు ఫొటోలు తీయించడం, హిందీ, ఇంగ్లిష్ పేజీలు, మూడు నెలలపాటు కొత్త డిజైన్లు ఎక్కించడం.

ఈ మూడింట్లో తేడా అందించే వస్తువుల్లో ఉండాలి, పని నాణ్యతలో ఉండకూడదు. తక్కువ ధరకు చెత్త పని చేస్తానని ఎవరికీ చెప్పలేం కదా. కాగితం మీద గంటలు ఎక్కడా రాయొద్దు. రాశారంటే ఆ సంఖ్య మీదే బేరం మొదలవుతుంది. డొమైన్, హోస్టింగ్ ఖర్చులు ధరలో కలపకుండా, క్లయింట్ పేరు మీదే, క్లయింట్ కార్డుతోనే కొనిపించండి. వచ్చే ఏడాది రెన్యూవల్ టెన్షన్ మీకు ఉండదు, అతని ఆస్తి అతని చేతిలోనే ఉంటుంది.

"జర తగ్గించు తమ్మీ" అనడం ఖాయం. అప్పుడు ధర తగ్గించకుండా పని తగ్గించండి. "68లో కష్టమైతే, డిజైన్లు 60 బదులు 35 పెట్టుకుందాం, 58 వేలకు చేస్తా. మిగతావి మీ పిల్లలే ఎక్కించుకునేటట్టు నేర్పిస్త" అనండి. ఊరికే పదివేలు తగ్గించారంటే, మొదట చెప్పిన ధరలో పదివేలు ఎక్కువ చెప్పారని మీరే ఒప్పుకున్నట్టు అవుతుంది. ఆ తర్వాత అతను మీ ఏ అంకెనూ నమ్మడు.

"వేరేటోడు ఎనిమిది వేలకే చేస్తా అన్నడు" అనే మాటా వస్తుంది. ఆ మనిషిని తక్కువ చేసి మాట్లాడొద్దు. "ఎనిమిది వేలకు రెడీమేడ్ పేజీలు వస్తయి అన్నా, అవి సరిపోతయంటే అదే తీసుకోండి. కానీ హోటలాయన రాత్రిపూట డిజైన్ నంబరుతో మెసేజ్ పెట్టాలంటే ఈ పని కావాలె" అని, మళ్లీ ఆ నెలకు పోతున్న ఆర్డర్ల దగ్గరికే మాట తీసుకురండి. అయినా కుదరకపోతే అతను మీ క్లయింట్ కాదు.

ఐదో అడుగు: పనికి గట్లు

లాభం నిలిచేది, పోయేది ఇక్కడే. గంటల బిల్లులో పని పెరిగితే డబ్బూ పెరుగుతుంది. ప్రాజెక్టు ధరలో పని పెరిగితే మీ జేబులోంచి పోతుంది. కాబట్టి రెండు పేజీల ఒప్పందం తప్పనిసరి. తెలిసినవాళ్లయినా, చుట్టాలైనా సరే. దాన్ని సులువైన తెలుగులో రాయండి. వ్యాపారి తానే చదువుకుని సంతకం పెట్టేలా ఉండాలి.

ముందుగా ఏం చేస్తారో లెక్క పెట్టగలిగే మాటల్లో రాయండి. "అందమైన, పూర్తి స్థాయి వెబ్‌సైట్" అని రాస్తే అందం ఎప్పటికి పూర్తవుతుందో ఎవరికీ తెలియదు. "ఆరు రకాల పేజీలు, 60 డిజైన్లు, ఒక్కో డిజైన్‌కు మూడు ఫొటోల వరకు" అని రాస్తే వాదన ఉండదు. దాని కిందే ఏం చేయరో రాయండి: "ఆన్‌లైన్ చెల్లింపులు, స్టాకు లెక్కలు, ఫొటోలు తీయడం, సోషల్ మీడియా పోస్టులు ఇందులో లేవు." చేయనివాటి జాబితా రాయడానికి చాలామంది మొహమాటపడతారు. చివర్లో గొడవ రాకుండా కాపాడేది మాత్రం అదే.

తర్వాత క్లయింట్ ఇవ్వాల్సినవి, తేదీతో సహా. పాత పనుల షీట్‌లో ఎక్కువసార్లు కనిపించే మాట కంటెంట్ ఆలస్యమే అయి ఉంటుంది. ఇలా రాయవచ్చు: "60 డిజైన్ల ఫొటోలు, కొలతలు, నంబర్లు ఇచ్చిన షీట్‌లో నింపి 10వ తేదీలోగా ఇవ్వాలి. ఆ తేదీ దాటి 21 రోజుల్లోగా అందకపోతే పని ఆగుతుంది. అప్పటిదాకా పూర్తయిన పనికి ఆ విడత డబ్బు చెల్లించాలి. మళ్లీ మొదలుపెట్టే తేదీ నా ఖాళీని బట్టి ఉంటుంది." దీనిలో శిక్ష ఏమీ లేదు. రెండు నెలలు మాయమై, పత్తి సీజన్ అయ్యాక వచ్చి "రేపటికల్లా కావాలె" అనే పరిస్థితి రాకుండా ఉండటానికే.

మార్పులు రెండు విడతలు అని రాయండి. కానీ విడత అంటే ఏమిటో కూడా చెప్పాలి: "మార్పులన్నీ ఒకే మెసేజ్‌లో, ఒకే వ్యక్తి పంపాలి." అన్నదమ్ములు ఇద్దరు నడిపే దుకాణంలో ఒకరు ఎరుపు, ఒకరు నీలం అంటే, వాళ్లు ఇంట్లో మాట్లాడుకుని ఒక మాట మీదికి వచ్చాకే మీకు మెసేజ్ రావాలి.

పని పూర్తయిందని ఎలా తేల్చాలి? ఫోన్‌లో తెరిస్తే ప్రతి పేజీ కనిపించాలి, ఏ డిజైన్ కింద నొక్కినా సరైన నంబరుతో వాట్సాప్ మెసేజ్ వెళ్లాలి, వ్యాపారి మనిషి ఒక కొత్త డిజైన్‌ను తానే ఎక్కించి చూపాలి. ఇవి అయితే పని పూర్తి. చూడమని లింకు ఇచ్చాక ఏడు రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం రాకపోతే ఒప్పుకున్నట్టే అని కూడా రాయండి.

చెల్లింపు మూడు విడతలు. 68,000లో సంతకం రోజు 40 శాతం, అంటే 27,200. డిజైన్ ఒప్పుకున్నప్పుడు 20,400. పరీక్ష లింకులో మొత్తం సైట్ చూపించాక, అసలు డొమైన్ మీదికి ఎక్కించేముందు మిగతా 20,400. చివరి విడతను "లైవ్ అయ్యాక" అని ఎప్పుడూ రాయొద్దు. మంచి ముహూర్తం కోసం, దసరా కోసం లైవ్ చేయడం వాయిదా పడుతూ ఉంటే మీ డబ్బు కూడా దాంతోపాటే వాయిదా పడుతుంది. పూర్తి డబ్బు అందాక కోడ్ మీద హక్కులు క్లయింట్‌కు బదిలీ అవుతాయని ఒక వాక్యం చేర్చండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ సంతకంతో, రాతలో ఉండాలి. నోటిమాట సరిపోదు.

పన్నుల గురించి రెండు మాటలు చాలు. కంపెనీలు, కాలేజీ సొసైటీల్లాంటి క్లయింట్లు వృత్తిపరమైన ఫీజు మీద టీడీఎస్ కోసుకుని మిగతాది వేస్తారు. గంటల బిల్లుల్లో చిన్నగా కనిపించిన ఈ కోత ప్రాజెక్టు బిల్లులో పెద్దగా కనిపిస్తుంది. అది పోయిన డబ్బు కాదు, మీ పాన్ మీద జమ అవుతుంది, రిటర్న్‌లో సర్దుబాటవుతుంది. ఆదాయపు పన్ను వెబ్‌సైట్‌లో మీ ఖాతాలో వచ్చిందో లేదో మాత్రం చూసుకోండి. సేవలకు తెలంగాణలో ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ మామూలుగా తప్పదు. ఆదాయం పెరుగుతుంటే ఆ గీత ఎంత దూరంలో ఉందో అకౌంటెంట్‌తో ముందే మాట్లాడుకోండి. చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదయ్యే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, చేసుకుని ఉంచండి. సూక్ష్మ, చిన్న సంస్థలకు ఒప్పందంలో ఏ గడువు రాసుకున్నా 45 రోజులకు మించి చెల్లింపు ఆపకూడదని 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం చెబుతుంది.

ఆరో అడుగు: "గిదొక్కటి కూడా" అన్నప్పుడు

మూడో వారంలో ఫోన్ వస్తుంది. "తమ్మీ, మా బామ్మర్ది అంటుండు, సైట్లనే పైసలు కట్టేటట్టు పెడితె మంచిగుంటదట. గిదొక్కటి పెట్టు."

కాదు అని ఒక్కమాటలో తెంచేయొద్దు, సరే అని తలూపొద్దు. "మంచి ఆలోచనే అన్నా. మనం రాసుకున్నదాంట్ల అది లేదు. రేపు పొద్దుగాలకల్ల దానికి ఎంతయితదో, ఎన్ని రోజులు పడుతదో రాసి పంపుత" అని ఫోన్ పెట్టేయండి. ఫోన్‌లోనే ధర చెబితే తక్కువ చెబుతారు, అది మనిషి స్వభావం. మరునాడు ఒక చిన్న మెసేజ్: "ఆన్‌లైన్ చెల్లింపు చేర్చడానికి 14,000. సైట్ ఐదు రోజులు ఆలస్యమవుతుంది. ఇప్పుడే చేయాలా, సైట్ మొదలయ్యాక రెండో విడతగా చేయాలా?" చాలాసార్లు జవాబు "తర్వాత చూద్దాం లే" అని వస్తుంది. అది నిజంగా అవసరమైన పని కాదని ఇద్దరికీ అప్పుడే తెలుస్తుంది. అవసరమైతే 14,000 వస్తుంది.

చిన్న చిన్న పనులు ఒకటి రెండు ఉచితంగా చేయడంలో తప్పు లేదు, సంబంధాలు అలాగే నిలుస్తాయి. కానీ వాటినీ బిల్లులో రాయండి: "ఫోన్ నంబరు మార్పు, 500, ఈసారికి తీసుకోవడం లేదు." కంటికి కనిపించని సాయం రేపటికి హక్కుగా మారుతుంది. కాగితం మీద ఉన్న సాయం సాయంగానే ఉంటుంది.

గట్లు తెగుతున్నాయని తెలిపే గుర్తు ఒకటుంది. అంచనా వేసిన గంటల్లో సగం అయిపోయేసరికి డిజైన్ ఒప్పుదల రాకపోతే, ఆ పని కనీస ధర కన్నా కిందికి జారుతోందని అర్థం. ఆ రోజే కూర్చుని మాట్లాడాలి. చివరి వారంలో మాట్లాడితే అది గొడవగానే వినిపిస్తుంది.

ఏడో అడుగు: పాత క్లయింట్లను కదిలించడం

అందరినీ ఒకేసారి మార్చొద్దు. ముందు కొత్తగా వచ్చేవాళ్లకు ప్రాజెక్టు ధరే చెప్పండి, పాతవాళ్లు గంటల బిల్లు మీదే ఉండనివ్వండి. రెండు మూడు ప్రాజెక్టులు కొత్త పద్ధతిలో పూర్తయ్యాక పాతవాళ్ల దగ్గరికి వెళ్లండి. మొదట, ఒకే రకం పని మళ్లీ మళ్లీ ఇచ్చేవాళ్ల దగ్గరికి. రేటు పెంచుతున్నానని మొదలుపెట్టకుండా, వాళ్లకున్న ఇబ్బంది దగ్గర మొదలుపెట్టండి: "సార్, బిల్లు ఎంతొస్తదో పని అయ్యేదాక మీకు తెలుస్తలేదు. వచ్చే అడ్మిషన్ల పేజీ నుంచి మొత్తం ధర ముందే చెప్త. రాసుకున్న పనికి ఒక్క రూపాయి ఎక్కువ అడగ." ఖర్చు ముందే తెలియడం కాలేజీల్లో, ఆసుపత్రుల్లో అకౌంట్స్ చూసేవాళ్లకు చాలా ముఖ్యం. పైవాళ్ల ఆమోదం వాళ్లు ఒక్కసారే తీసుకోవాలి కదా.

చిన్న మరమ్మతులు, అప్‌డేట్లు ఈ పద్ధతిలోకి రావు. వాటికి నెలకు ఇంత అని మాట్లాడుకుని, ఆ డబ్బుకు నెలలో ఎన్ని మార్పులు చేస్తారో సంఖ్య రాయండి. సంఖ్య లేకపోతే నెల జీతానికి పనిచేసినట్టే అవుతుంది.

ఒక ఇబ్బంది మాత్రం చెప్పాలి. డబ్బు వారం వారం కాకుండా విడతలుగా, పెద్ద మొత్తాల్లో వస్తుంది, మధ్యలో ఖాళీ వస్తుంది. రెండు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టాకే పూర్తిగా మారండి. చేతిలో డబ్బు లేనివాడు బేరం దగ్గర నిలబడలేడు, పాత రేటుకే ఒప్పుకుంటాడు.

ఎనిమిదో అడుగు: గంటలు రాయడం ఆపొద్దు

క్లయింట్‌కు చూపించకపోయినా మీ కోసం గంటలు రాస్తూనే ఉండండి. దరీల సైట్‌కు వ్యాపారి రెండోది ఎంచుకుని, పని 61 గంటల్లో ముగిసిందనుకుందాం. 68,000ను 61తో భాగిస్తే గంటకు 1,115. మొదటి షీట్‌లో ఉన్న 368కి ఇది మూడు రెట్లు. గంటలు మాత్రం ఆ పాత 68 కన్నా తక్కువే.

అసలు పెరుగుదల రెండో సైట్‌తో వస్తుంది. డిజైన్లు ఎక్కించే షీట్, వెతుక్కునే వీలు, వాట్సాప్ బటన్, ఒప్పందం నమూనా, కంటెంట్ అడిగే ఫారం, అన్నీ ఇప్పటికే తయారై ఉన్నాయి. ఇలాంటి కాటలాగ్ సైట్ ఒక ఫర్నిచర్ దుకాణానికో, ఏనుమాముల మార్కెట్ దగ్గరి విత్తనాల టోకు వ్యాపారికో చేస్తే 44 గంటలు పట్టవచ్చు. ధర అంతే ఉంటే గంటకు 1,545. గంటల బిల్లులో ఈ 17 గంటల ఆదా క్లయింట్‌కు పోయేది, ఇప్పుడు మీకు మిగులుతుంది. అందుకే మొదటి ఏడాది ఒకటి రెండు రకాల పనులకే పరిమితం కండి. ప్రతిసారీ కొత్త రకం పని తీసుకుంటే తిరిగి వాడుకోవడానికి ఏమీ ఉండదు. ఒక్క జాగ్రత్త: మొదటి క్లయింట్‌కు హక్కులు రాసిచ్చినప్పుడు, ఎక్కడైనా వాడే సాధారణ కోడ్ భాగాలు మీ దగ్గరే ఉంటాయని ఆ వాక్యంలోనే చేర్చి ఉండాలి.

వరసగా రెండు పనులు కనీస గంట రేటు కన్నా తగ్గితే ధరను నిందించేముందు ఏ వరుస పొంగిందో చూడండి. మాటామంతీ వరుస పొంగితే ఒప్పందంలో లోపం, దాన్ని సరిదిద్దాలి. సైట్ కట్టే వరుస పొంగితే అంచనాలో లోపం, వచ్చేసారి ఆ అంకె పెంచాలి. వరసగా మూడు కొటేషన్లకు బేరం లేకుండానే ఒప్పుకున్నారంటే, నాలుగో క్లయింట్‌కు 15 శాతం పెంచి చెప్పండి. మూడింటిలో ఒకరు కూడా ఒప్పుకోకపోతే ధర తగ్గించేముందు వాళ్లను మూడో అడుగులోని ప్రశ్నలు అడిగారో లేదో చూసుకోండి. పోతున్న ఆర్డర్ల లెక్క క్లయింట్ నోటితో రాకముందే చెప్పిన ధర, ఎంత చిన్నదైనా, అతనికి ఖరీదుగానే కనిపిస్తుంది.